ఏది లెక్కపెట్టాలో తేల్చిన తొంభై ముగ్గురు

అప్పటి పశ్చిమ గోదావరి జిల్లాలోని 30 గిరిజన గ్రామాల్లో ఆశా కార్యకర్తలు ట్యాబ్ పట్టుకుని ఇంటింటికీ వెళ్లారు. నిద్ర పడుతోందా, దేనిమీదైనా ఆసక్తి ఉంటోందా, ఊరికే కంగారు పుడుతోందా అని వరసగా ప్రశ్నలు అడిగారు. మొత్తం 5,007 మంది పెద్దవాళ్లను అడిగితే 238 మందికి కుంగుబాటో, ఆందోళనో ఉండవచ్చని తేలింది. పీహెచ్‌సీ డాక్టరుకు చూపించుకోమని వాళ్లకు చెప్పి పంపారు. ఆ 238 మందిలో అంతకుముందు మానసిక వైద్యం కోసం ఎక్కడికైనా వెళ్లినవాళ్లు ఇద్దరే. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లింది 30 మంది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన పల్లబ్ మౌలిక్ బృందం ‘స్మార్ట్ మెంటల్ హెల్త్’ పేరుతో చేసిన పని ఇది. 2017లో ఫలితాలు అచ్చయ్యాయి.

ఇప్పుడు చెప్పండి, ఆ సేవ బాగా నడిచినట్టా, నడవనట్టా?

ఇద్దరి నుంచి 30 మందికి, అంటే పదిహేను రెట్లు పెరిగిందని ఒకరు సంబరపడొచ్చు. 238లో 30 అంటే 12.6 శాతమే, మిగతా 208 మంది కొండ దిగనే లేదని ఇంకొకరు పెదవి విరవొచ్చు. ఆ 30 మందికి డాక్టరు ఏం చేశాడు, మళ్లీ రమ్మంటే ఎంతమంది వచ్చారు అది చెప్పండి ముందు అని మూడో ఆయన అడగొచ్చు. నాలుగో ఆయన ఇంకా లోపలికి వెళ్తాడు. కార్యక్రమం చివర మళ్లీ అడిగినప్పుడు, మొదట సమస్య ఉందని తేలినవాళ్లలో కుంగుబాటు, ఆందోళనల స్కోర్లు బాగా తగ్గాయని అదే వ్యాసంలో ఉంది. డాక్టరును చూసింది ఎనిమిది మందిలో ఒకరే అయినప్పుడు ఆ తగ్గుదల ఎవరి ఖాతాలో వేయాలి? పోల్చి చూసేందుకు వేరే గ్రామాలు ఆ అధ్యయనంలో లేవు. బాగా దిగులుగా ఉన్న రోజున పట్టుకున్న మనిషి కొన్ని నెలల తర్వాత కొంత తేరుకోవడం సహజమే కూడా.

ఒకే పని మీద నాలుగు తీర్పులు వచ్చాయి. నలుగురూ అబద్ధం చెప్పడం లేదు. ఏది లెక్కపెట్టాలన్న దగ్గరే దారులు చీలిపోతున్నాయి. సేవ నాణ్యతకు సూచిక ఏదన్న ఆ ప్రశ్నను ఒక పద్ధతిగా, ఓపికగా, మార్కులు వేయించి తేల్చిన ఒక అధ్యయనం గురించి ఇక్కడ చెప్పబోతున్నాను. 2016లో ‘హెల్త్ పాలసీ అండ్ ప్లానింగ్’ పత్రికలో వచ్చింది. మార్క్ జోర్డన్స్, డాన్ చిషోమ్, మాయా సెమ్‌రావ్ తదితరులు రాశారు. ‘ఎమరాల్డ్’ అనే ఆరు దేశాల పరిశోధన కార్యక్రమంలో భాగమది. ఇథియోపియా, నేపాల్, నైజీరియా, దక్షిణాఫ్రికా, ఉగాండాలతో పాటు మన దేశమూ అందులో ఉంది. మన వైపు నుంచి మధ్యప్రదేశ్‌లోని సీహోర్ జిల్లాలో పని జరిగింది. ఆ అధ్యయనం వాడిన పద్ధతిని తర్వాత అరకు వైపు కొండలకు అన్వయించి చూడబోతున్నాను. అరకుకూ సీహోర్‌కూ పోలిక లేదు కదా అనొచ్చు. నేలలో పోలిక లేకపోవచ్చు, పీహెచ్‌సీ రిజిస్టరులో మాత్రం బాగానే ఉంది.

ఈ పద్ధతి పేరు డెల్ఫీ. పుట్టుక మాత్రం వైద్యంలో కాదు, యుద్ధంలో. 1950ల తొలినాళ్లలో అమెరికాలోని ర్యాండ్ సంస్థలో నార్మన్ డాల్కీ, ఒలాఫ్ హెల్మర్ ఏడుగురు నిపుణులను ఎంచుకుని ఒక భయంకరమైన ప్రశ్న వేశారు. అమెరికా ఆయుధ ఉత్పత్తిని ఒక మేరకు దెబ్బతీయాలంటే శత్రువుకు ఎన్ని అణుబాంబులు కావాలి? ఏడుగురినీ ఒక గదిలో కూర్చోబెట్టలేదు. ఎవరికి వారు విడిగా జవాబిచ్చారు. మొదటి విడతలో 50 దగ్గర నుంచి 5,000 దాకా వచ్చాయి. ఒకరి కారణాలు మరొకరికి పేరు చెప్పకుండా అందించి మళ్లీ అడిగారు. అలా ఐదు విడతలు పోయేసరికి జవాబులు 167కూ 360కీ మధ్యకు వచ్చాయి. వంద రెట్ల తేడా కాస్తా రెండు రెట్లకు దిగింది. రహస్య వ్యవహారం కాబట్టి 1963 దాకా దాన్ని అచ్చు వేయలేదు.

ఈ కథ చెప్పి చాలామంది ‘అదిగో ఏకాభిప్రాయం’ అంటారు. నాకు అందులో నచ్చింది వేరు. 167 నుంచి 360 అన్నది నిజమో కాదో ఎవరికీ తెలియదు. అదృష్టవశాత్తూ తేల్చుకునే అవసరమూ రాలేదు. జవాబులు దగ్గరైనంత మాత్రాన నిజానికి దగ్గరైనట్టు కాదు. పద్ధతిలోని ఈ బలహీనత మొదటి రోజు నుంచీ ఉంది. తెలిసి వాడినవాళ్ల చేతిలోనే ఇది మంచి పనిముట్టు అయింది.

ఎమరాల్డ్ వాళ్లు తెలిసి వాడారు. 93 మంది నిపుణులు, రెండు విడతలు. మొదటి విడతలో మార్కుల ఊసే లేదు. మానసిక వైద్యం అవసరమైనవాళ్లు ఎందరో ఎలా తెలుసుకుంటాం, వాళ్లలో సేవ అందుకున్నవాళ్లు ఎందరో ఎలా తెలుస్తుంది, అందిన సేవ నాణ్యమైనదో కాదో ఎలా పట్టుకుంటాం, వైద్యం కోసం కుటుంబం అప్పులపాలు కాకుండా ఉందా అన్నది ఎలా చూస్తాం, ఇలా బాహాటమైన ప్రశ్నలు వేసి, తోచింది రాయమన్నారు. వచ్చిన జవాబులను కుదించి, కలిపి, ఒక జాబితా చేశారు. రెండో విడతలో ఆ జాబితాకు మార్కులు వేయించారు. చివరికి మిగిలినవి 15 సూచికలు.

చెప్పడానికి నాలుగు ముక్కల్లో అయిపోయింది గానీ, పనితనమంతా రెండు చోట్ల ఉంది. ఒకటి ఆ కుదింపు, రెండోది మార్కుల తీరు.

కుదింపు సంగతి ముందు చూద్దాం. తొంభై మంది నిపుణులు తోచింది రాస్తే ఒకే మాట పది రకాలుగా వస్తుంది. ఒకరు ‘మందులు మానేసినవాళ్ల శాతం’ అని రాస్తారు. ఒకరు ‘క్రమం తప్పకుండా వచ్చేవాళ్ల శాతం’ అంటారు. ఇంకొకరు ‘మూడు నెలల తర్వాత కూడా వైద్యంలో ఉన్నవాళ్లు’ అంటారు. మూడూ ఒకటేనా? పైకి ఒకటే. లెక్క వేయబోతే వేరు. మందులు మాని కూడా క్రమం తప్పకుండా వచ్చి మాట్లాడి వెళ్లే మనిషి రెండో లెక్కలో నిలిచినవాడు, మొదటి లెక్కలో మానేసినవాడు. మూడింటినీ కలిపేస్తే జాబితా చిన్నదవుతుంది గానీ ఆ మనిషి కనిపించకుండా పోతాడు. కలపకపోతే జాబితా చేంతాడంత అవుతుంది, ఇరవయ్యో ప్రశ్న దాటాక నిపుణుడు కళ్లు మూసుకుని ఏడు ఏడు వేసుకుంటూ పోతాడు. ఈ కుదింపును పరిశోధకులే చేస్తారు. దాని మీద ఎవరూ మార్కులు వేయరు. అందుకే డెల్ఫీ అధ్యయనం చదివేటప్పుడు నేను ముందు చూసేది తుది జాబితా కాదు, మొదటి జాబితా నుంచి రెండో జాబితా ఎలా వచ్చిందన్నది. ఆ దారి చెప్పని వ్యాసాన్ని నమ్మడానికి లేదు.

ఇక మార్కులు. ‘ఈ సూచిక మంచిదేనా’ అని ఒకే ప్రశ్న అడిగి ఉంటే ఎమరాల్డ్ అధ్యయనం గురించి నేను రాసేవాణ్ని కాదు. వాళ్లు ఒక్కో సూచికను మూడు వేరువేరు కోణాల్లో చూడమన్నారు. అది ముఖ్యమైనదేనా, ఈ పనికి పనికొస్తుందా, మా దగ్గర లెక్కపెట్టడం సాధ్యమేనా. ఈ మూడో ప్రశ్నను మొదటి ప్రశ్న నుంచి విడదీయడమే అసలు నేర్పు. విడదీయకపోతే ఏమవుతుందంటే, సాధ్యం కాదనుకున్న మనిషి ప్రాముఖ్యానికీ మార్కు తగ్గించేస్తాడు. ముఖ్యం అనుకున్న మనిషి సాధ్యాసాధ్యాలు మరిచిపోతాడు. ఇద్దరి మార్కులూ కలిసి ఒక మధ్యరకం అంకె వస్తుంది. ఆ అంకెకు అర్థం ఉండదు.

విడదీస్తే వచ్చే లాభం తెలియాలంటే నాణ్యతకు వాళ్లు పెట్టుకున్న చట్రం కూడా చూడాలి. ఆరోగ్య సేవల లెక్కల్లో దీన్ని ‘ఫలవంతమైన అందుబాటు’ అనుకోవచ్చు. అవసరమున్నవాళ్లలో ఎంతమందికి సేవ అందింది, అందిన దాంట్లో ఎంత పనిచేసింది అన్నవి ఒకదానితో ఒకటి గుణించుకుంటూ పోవాలి. మన 238నే తీసుకుందాం. అవసరం ఉన్నట్టు తేలినవాళ్లు 238. డాక్టరును కలిసినవాళ్లు 30. ఆ 30లో సరైన వైద్యం మొదలై చివరిదాకా సాగినవాళ్లు సగం అనుకుందాం. ఇది నా ఊహ, అధ్యయనం చెప్పింది కాదు. అప్పుడు ఫలవంతంగా అందింది 15 మందికి, అంటే వందకు ఆరుగురికి. కేవలం పీహెచ్‌సీ రిజిస్టరు చూసేవాడికి కనిపించేది ‘30 మందికి వైద్యం, సగం మందికి గుణం’. వినడానికి బాగుంటుంది. కింద హారంలో 238 ఉండాల్సిన చోట 30 పెట్టాడంతే.

ఈ హారం సంగతి మనకు కొత్తేమీ కాదు. 1996లో కేంద్ర ప్రభుత్వం జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని నాలుగు జిల్లాల్లో మొదలుపెట్టినప్పుడు మెదక్ అందులో ఒకటి. తిరువనంతపురం, అస్సాంలోని నగావ్, రాజస్థాన్‌లోని సీకర్ మిగతా మూడు. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఇలాంటి కార్యక్రమాల నెలవారీ నివేదికల్లో సాధారణంగా కనిపించేవి ఎంతమంది రోగులు వచ్చారు, ఎన్ని శిబిరాలు పెట్టారు, ఎంతమంది సిబ్బందికి శిక్షణ ఇచ్చారు అన్న అంకెలే. అన్నీ లవాలే, హారం ఒక్కటీ లేదు. రోగులు పెరిగితే మంచిదా చెడ్డదా అన్నది కూడా ఆ అంకె చెప్పదు.

సరే, ఇదే పద్ధతిని అరకు వైపు కొండల్లో వాడితే ఎలా ఉంటుందో ఒక సూచిక పట్టుకుని చూద్దాం. ఇక్కడి నుంచి చెప్పేది నేను కట్టిన ఉదాహరణ, జరిగింది కాదు. లెక్క తీరు మాత్రం నిజమైనదే. ర్యాండ్ సంస్థా, లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమూ కలిసి తయారు చేసిన పద్ధతిలో తొమ్మిది మంది, 1 నుంచి 9 దాకా మార్కులు. 1 అంటే అసలు పనికిరాదు, 9 అంటే తిరుగులేదు. మధ్యగతం 7 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వచ్చి, తీవ్రమైన చీలిక లేకపోతే సూచిక నిలుస్తుంది. తొమ్మిది మందిలో ముగ్గురో అంతకన్నా ఎక్కువమందో 1 నుంచి 3 లోపు వేసి, మరో ముగ్గురో అంతకన్నా ఎక్కువమందో 7 నుంచి 9 లోపు వేస్తే దాన్ని చీలిక అంటారు.

తొమ్మిది మంది ఎవరు? విశాఖ నుంచి ఇద్దరు మానసిక వైద్యులు, ఒక పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసరు, జిల్లా ఆరోగ్య శాఖ అధికారి, ఐటీడీఏ నుంచి ఒకరు, ఒక ఏఎన్ఎమ్, ఇద్దరు ఆశాలు, ఏళ్ల తరబడి జబ్బు మనిషిని చూసుకుంటున్న ఒక అక్క. వాళ్ల ముందుకు వచ్చిన సూచిక ఇది: ‘మొదటిసారి పీహెచ్‌సీకి వచ్చిన మానసిక రోగుల్లో 30 రోజుల్లోగా మళ్లీ పీహెచ్‌సీకి వచ్చినవాళ్ల శాతం’.

ముఖ్యమా అంటే 9, 9, 8, 8, 8, 7, 7, 7, 6 వచ్చాయి. మధ్యగతం 8, పేచీ లేదు. సాధ్యమా అంటే 2, 2, 3, 3, 5, 7, 7, 8, 8. మధ్యగతం 5. సగటు తీసినా 5. ఇక్కడ ఆగి చూడాలి. ‘ఈ సూచిక ఓ మోస్తరు సాధ్యమే’ అని సగటు చెబుతోంది. కానీ ఓ మోస్తరు అన్న మనిషి ఒక్కరే. నలుగురు కుదరదన్నారు, నలుగురు భేషుగ్గా కుదురుతుందన్నారు. సగటు మాత్రమే రాసే నివేదికలో ఈ గొడవ మొత్తం మాయమైపోతుంది. చీలికను విడిగా లెక్కపెట్టాలన్న నియమం ఉన్నందుకే అది బయటపడింది.

ఎవరు కుదరదన్నారో ఊహించడం కష్టమేమీ కాదు. ఇద్దరు ఆశాలు, ఏఎన్ఎమ్, ఆ అక్క. కుదురుతుందన్నది రిజిస్టరు చూసేవాళ్లు. తేదీలు రిజిస్టరులో ఉంటాయి కాబట్టి లెక్క తీయడం సులువని వాళ్ల ఉద్దేశం. మార్కుల పక్కన కారణం రాయడానికి జాగా ఉంటుంది. పేర్లు తీసేసి ఆ కారణాలను రెండో విడతలో అందరికీ పంపుతారు. అందులో ఒకటి ఇలా ఉందనుకోండి: ‘వానాకాలంలో గెడ్డ పొంగితే మా గూడెం నుంచి రోడ్డెక్కడానికి దారి ఉండదు. పురిటి నొప్పులు వస్తేనే డోలీ కట్టి దించుతాం. నిద్ర పట్టని మనిషి కోసం ఎవరు దించుతారు? కానీ ఆ నెలలో నేను రెండుసార్లు పైకి వెళ్లి మాత్రలు ఇచ్చి వచ్చాను. అది ఎక్కడా రాయలేదు.’

ఆ ఒక్క కారణం రెండు పనులు చేస్తుంది. కుదరదన్న మాటకు అర్థం ‘లెక్క తీయడం కష్టం’ కాదు, ‘తీసిన లెక్క తప్పుతుంది’ అని తెలుస్తుంది. మార్కులు ఎందుకు చీలాయో కూడా తెలుస్తుంది. రెండు వర్గాలూ రెండు వేరువేరు ప్రశ్నలకు జవాబిచ్చాయి. అప్పుడు నిర్వాహకులు సూచికను తిరిగి రాస్తారు: ‘మొదటిసారి వైద్యం మొదలైనవాళ్లలో 30 రోజుల్లోగా పీహెచ్‌సీలో గానీ, సబ్‌సెంటరులో గానీ, ఇంటి దగ్గర ఆశా లేదా ఏఎన్ఎమ్ ద్వారా గానీ పలకరింపూ మందూ అందినవాళ్ల శాతం’. రెండో విడతలో సాధ్యతకు 4, 6, 6, 7, 7, 7, 7, 8, 8. మధ్యగతం 7, మూడు లోపు ఒక్కరూ లేరు. సూచిక నిలిచింది.

అయితే మాట మారింది కాబట్టి ఇది కొత్త సూచిక. ప్రాముఖ్యానికి పాత 8ని అలాగే అంటించడం తప్పు. ఆ మార్కు కూడా మళ్లీ వేయించాలి. ఇంటి దగ్గర మాత్ర ఇవ్వడం డాక్టరు చూపుతో సమానం కాదని మానసిక వైద్యులు తగ్గించి వేయొచ్చు. వాళ్ల మాటలోనూ నిజముంది. ఈ చిన్న జాగ్రత్త పాటించని అధ్యయనాలు చాలా కనిపిస్తాయి. సూచికకు విడత విడతకూ బట్టలు మారుస్తూ, మార్కు మాత్రం మొదటి వేషానిదే చూపిస్తారు.

పేర్లు దాచడం ఎందుకో కూడా ఇక్కడే తెలుస్తుంది. అదే తొమ్మిది మందిని పాడేరులో ఒక హాలులో కూర్చోబెట్టి, డాక్టరుగారు ముందు మాట్లాడి, ‘ఎవరికైనా అభ్యంతరమా’ అని అడిగారనుకోండి. ఆశా లేచి ‘అయ్యా, కుదరదు’ అంటుందా? సంతకం పెట్టి టీ తాగి వెళ్తుంది. కాగితం మీద ఆమె వేసిన 2, డాక్టరుగారి 8 ఒకే బరువు తూగుతాయి. ఇది మర్యాద కోసం పెట్టిన ఏర్పాటు కాదు, లెక్క కోసం పెట్టింది. అయితే కొండల్లో దీనికో చిక్కుంది. తొమ్మిది మందిలో ఇద్దరే ఆశాలైనప్పుడు, గెడ్డ పొంగిందని రాసినది ఎవరో అందరికీ ఇట్టే తెలిసిపోతుంది. కారణాలు పంపేముందు ఊరి ఆనవాళ్లు తీసి, వాక్యం మార్చి రాయాలి. తెలుగు లిపి చదవడం ఇబ్బందైన వాళ్లకు, ఇంట్లో కువ్వి గానీ ఆదివాసీ ఒడియా గానీ మాట్లాడేవాళ్లకు ఎవరో పక్కన కూర్చుని చదివి వినిపించాలి. ఆ చదివే మనిషి వాళ్ల పై అధికారి కాకూడదు. పద్ధతి పుస్తకాలు ఇలాంటివి ఒక వాక్యంలో దాటేస్తాయి. పని చేసేవాళ్లకు మాత్రం నెలలో సగం రోజులు దీనికే పోతాయి.

ఇంకో చోట నైపుణ్యం తెలుస్తుంది. ఏకాభిప్రాయం అంటే ఎంత అన్నది ముందే రాసుకున్నారా లేదా? ఇవాన్ డైమండ్ బృందం 2014లో వంద డెల్ఫీ అధ్యయనాలు తీసి చూసింది. ఏకాభిప్రాయం కోసం చేశామన్నవి 98. అందులో ఏకాభిప్రాయం అంటే ఏమిటో నిర్వచించినవి 72. ఎక్కువమంది వాడిన కొలత ఇంత శాతం మంది ఒప్పుకుంటే చాలన్నది, ఆ గీతల మధ్యగతం 75 శాతం. గీత ముందే గీయకపోతే, మార్కులు వచ్చాక తమకు నచ్చిన సూచికలు లోపలికి వచ్చేలా గీత జరుపుకునే వీలుంటుంది. దొంగతనం అనక్కర్లేదు, చూస్తూ చూస్తూ మంచి సూచికను ఎలా పోనిస్తాం అన్న మమకారం చాలు.

విడతలు పెరిగే కొద్దీ వచ్చే జబ్బులు రెండు. చెప్పీ చెప్పీ విసిగినవాళ్లు మానేస్తారు. మానేసేది ఎక్కువగా భిన్నాభిప్రాయం ఉన్నవాళ్లే అయితే, మిగిలినవాళ్ల మధ్య ఏకాభిప్రాయం అద్భుతంగా కనిపిస్తుంది. ఇది పట్టుకోవడానికి దారి ఉంది. మొదటి విడతలో వేసి రెండో విడతలో రానివాళ్ల మార్కులు విడిగా తీసి, ఉన్నవాళ్ల మొదటి విడత మార్కులతో పోల్చి చూడాలి. తేడా ఉంటే చెప్పాలి. రెండో జబ్బు, మెజారిటీ అంకె చూపించగానే కారణమేమీ లేకుండా అటు జరిగిపోవడం. మార్కు మారి, కారణం గడి ఖాళీగా ఉందంటే అక్కడ అనుమానించాలి. ఎమరాల్డ్ వాళ్లు రెండు విడతలతో ఆపేయడం నాకు తెలివైన పనిగానే అనిపిస్తుంది. ఐదో విడత దాకా లాగితే వచ్చేది ఏకాభిప్రాయం కాదు, అలసట.

మరి ధనిక దేశాల్లో ఈ పని ముందే జరగలేదా, ఆ జాబితా తెచ్చుకోవచ్చు కదా అంటారు. జరిగింది. ఓఈసీడీ 2004లో నిపుణుల బృందంతో మార్కులు వేయించి మానసిక వైద్య నాణ్యతకు 12 సూచికలు ఎంచింది. మంచి పని, నిజాయితీగా చేశారు. కానీ అందులోవి చాలావరకు ఆసుపత్రి చుట్టూ, మందుల కొట్టు రికార్డుల చుట్టూ తిరుగుతాయి. మానసిక వార్డు నుంచి ఇంటికి పంపాక ఎన్ని రోజుల్లో బయటి డాక్టరు చూశాడు, మళ్లీ ఆసుపత్రిలో చేరాల్సి వచ్చిందా, కుంగుబాటు మందు ఎన్నాళ్లు ఆగకుండా కొన్నారు లాంటివి. ఇందులో మళ్లీ చేరిన వాళ్ల సంఖ్యను ఒక కొండ మండలానికి అన్వయించండి. మానసిక వార్డే లేని చోట మొదటిసారి చేరేవాడే లేడు, మళ్లీ చేరేవాడు ఎక్కడి నుంచి వస్తాడు? సూచిక సున్నా వస్తుంది. సున్నా అంటే ఆ జాబితా ప్రకారం శ్రేష్ఠమైన సేవ. పట్టించుకోని చోటు పట్టికలో మొదటి ర్యాంకు కొట్టేస్తుంది. అందుకే ఆరు పేద, మధ్యాదాయ దేశాల నిపుణులతో మళ్లీ మొదటి నుంచి చేయడంలో అర్థముంది. ఖర్చు భారం ఎంత పడిందన్న ప్రశ్నను వాళ్లు చట్రంలోనే పెట్టడం కూడా అందువల్లే. విశాఖ వెళ్లి రావడానికి బస్సు ఖర్చు, ఒక రోజు కూలి పోవడం, తోడు వచ్చే మనిషి కూలి పోవడం ఓఈసీడీ జాబితాలో కనిపించవు.

ఎమరాల్డ్ అధ్యయనంలో నాకు లోటుగా కనిపించేదీ ఉంది. 93 మందీ నిపుణులు. నిపుణుడంటే ఎవరన్న ప్రశ్నకు అధ్యయనాలు మామూలుగా చెప్పే జవాబు పరిశోధకులు, వైద్యులు, విధానాలు చేసేవాళ్లు అని. జబ్బుతో బతికినవాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు, గూడెంలో మొదట కబురందే దిసారీ, గురువూ ఆ జాబితాలోకి రావడం అరుదు. దిసారి చేత మార్కులు వేయించాలా అని నవ్వొచ్చు. కానీ అరకు వైపు మనిషి పీహెచ్‌సీకి ఎన్ని నెలలు ఆలస్యంగా వచ్చాడన్న సూచిక పెట్టాలంటే, ఆ నెలలు ఎక్కడ గడిచాయో చెప్పగలిగింది ఆయనే. మార్కులు వేయించకపోయినా మొదటి విడతలో, తోచింది చెప్పమనే ఆ విడతలో, ఆయనను అడగొచ్చు. డెల్ఫీలో మొదటి విడతలో రాని మాట రెండో విడతలో జాబితాలోకి రాదు. తలుపు అక్కడే మూసుకుంటుంది.

ఇంకో పరిమితి పద్ధతిలోనే ఉంది. మార్కులు వేయించి ఎంచుకున్న సూచిక మంచిదని అందరూ ఒప్పుకున్నారు, అంతే. అది నిజంగా నాణ్యతను పట్టుకుంటుందా అన్నది క్షేత్రంలో తేలాల్సిందే. ఎమరాల్డ్ వాళ్లు ఇక్కడ ఆగకుండా, కొద్దిపాటి సూచికలను ఐదు దేశాల్లో మామూలు ఆరోగ్య కేంద్రాల ఫారాల్లో పెట్టి, సిబ్బంది నింపుతున్నారా, సరిగ్గా నింపుతున్నారా, ఉపయోగం ఉందనుకుంటున్నారా అని చూసి 2019లో అచ్చు వేశారు. ఎంచడం ఒక వ్యాసం, వాడి చూడడం మరో వ్యాసం. రెండోది రాసేవాళ్లు తక్కువ. ఈ అధ్యయనాన్ని నేను మెచ్చుకోవడానికి సగం కారణం ఆ రెండో వ్యాసమే.

వాడి చూసేటప్పుడు కొండల్లో ఏం చెడుతుందో ముందే కొంత చెప్పొచ్చు. మన ‘30 రోజుల పలకరింపు’ సూచికనే తీసుకుందాం. మొదటి మూడు నెలలు 40 శాతం వచ్చి, నాలుగో నెల నుంచి ఉన్నట్టుండి 90 అయిందనుకోండి. సేవ బాగుపడిందని చప్పట్లు కొట్టేముందు హారం చూడాలి. కొత్తగా మొదలైన రోగుల సంఖ్య సగానికి పడిపోయి ఉంటే, వెంబడించగలిగినవాళ్లనే నమోదు చేస్తున్నారని అర్థం. పై గూడెం మనిషిని రాసుకుంటే శాతం పడిపోతుంది కాబట్టి రాయడమే మానేశారు. అందుకే ఈ సూచికను ఎప్పుడూ ఒంటరిగా ఉంచకూడదు. దాని పక్కన ‘ఆశా పరీక్షించిన వాళ్లలో సమస్య ఉందని తేలి, వైద్యం మొదలైనవాళ్ల శాతం’ అన్న సూచిక ఉండి తీరాలి. మొదటిది ఎక్కి రెండోది దిగితే ఎక్కడో దొంగ లెక్క నడుస్తోందన్నమాట. వలస సంగతి కూడా అంతే. పని కోసం దిగిపోయిన మనిషిని ‘రానివాళ్ల’లో వేయాలా, హారం నుంచి తీసేయాలా అన్నది ముందే ఫారం మీద అచ్చు వేసి ఉండకపోతే ఒక పీహెచ్‌సీ ఒకలా, పక్క పీహెచ్‌సీ ఇంకోలా వేస్తాయి. ఆ తర్వాత రెంటినీ పోల్చి ఒక డాక్టరుకు మెమో ఇస్తారు.

2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. అరకు లోయ అందులోకే వచ్చింది. ఆ జిల్లాకో, పక్కనున్న పార్వతీపురం మన్యానికో మానసిక ఆరోగ్య సేవల సూచికలు రాసే పని ఎవరి చేతికైనా వస్తే వాళ్లకు నా విన్నపం ఒకటే. ముఖ్యమా, సాధ్యమా అన్న ప్రశ్నలను కలపకండి. మొదటి విడత కాగితాలు ఆశాలకూ, ఇంటివాళ్లకూ ముందు పంపండి. చీలిన మార్కులను సగటు కింద పూడ్చకుండా, ఉన్నవి ఉన్నట్టు అచ్చు వేయండి.